"నేనెవరికీ చెప్పలేదు బాబూ": ఒక పంపకాల ముసాయిదా బయటికి పొక్కిన కేసు

నేను ఒక చిన్న అనువాద కార్యాలయం నడుపుతున్నాను. లోపల నలుగురం, బయట నుంచి పనిచేసేవాళ్లు ఏడెనిమిది మంది. కోర్టు కాగితాలు, దస్తావేజులు, కంపెనీల ఒప్పందాలు మాకు ఎక్కువగా వస్తాయి. కింద రాసిన కేసులో మనుషులు, ఊరు, విస్తీర్ణాలు, పేజీల సంఖ్యలు గుర్తుపట్టడానికి వీలు లేకుండా మార్చాను. జరిగిన తీరు మాత్రం మార్చలేదు.

నేపథ్యం

వేరే నగరంలోని ఒక న్యాయవాది కార్యాలయం మాకు అరవై రెండు పేజీల ఇంగ్లిష్ ముసాయిదా పంపింది. ఒక ఉమ్మడి కుటుంబం తన వ్యాపారాన్ని, భూముల్ని మూడు శాఖల మధ్య పంచుకుంటోంది. ఒక శాఖలోని పెద్దలకు తెలుగు తప్ప చదవడం రాదు. వాళ్లు చదివి సరే అన్నాకే మిగతా రెండు శాఖలకు ముసాయిదా చూపించాలన్నది న్యాయవాది ప్రణాళిక. అందుకే పని మొదలుపెట్టక ముందే వంద రూపాయల స్టాంపు కాగితం మీద మాతో గోప్యత ఒప్పందం రాయించుకున్నారు. నాలుగు పేజీలు. నేను చదివాను, సంతకం పెట్టాను. ఎంత శ్రద్ధగా చదివానన్నది తర్వాత తేలింది.

పనిని ఇద్దరు అనువాదకులకు చెరి సగం ఇచ్చాను. భూముల జాబితా ఉన్న భాగంలో ఖుష్కీ, తరి, శిఖం లాంటి మాటలు, గ్రామాల పాత పేర్లు చాలా ఉన్నాయి. అవి ఆ ప్రాంతం వాడికే సరిగ్గా తెలుస్తాయి కాబట్టి, ఆ మండల కేంద్రంలోనే ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి ప్రూఫు చూసే పని అప్పగించాను. పదేళ్లుగా మాకు ప్రూఫులు చూస్తున్నారు. మేమంతా ఆయన్ను మాస్టారు అనే పిలుస్తాం. రెండేళ్ల కిందట ఆయన చేత కూడా ఒక గోప్యత పత్రం మీద సంతకం పెట్టించాను.

సోమవారం సాయంత్రం మా డీటీపీ ఆపరేటర్ మొదటి ప్రూఫు తయారు చేశాడు. ఆ పీడీఎఫ్‌ను నేనే మాస్టారికి వాట్సాప్‌లో పంపాను. బుధవారం ఉదయం ఆయన దిద్దుబాట్లు వచ్చాయి, రెండో ప్రూఫు తయారైంది.

సమస్య

శుక్రవారం మధ్యాహ్నం న్యాయవాది ఫోను చేశారు. గొంతు పెంచలేదు. "మీ తెలుగు ప్రతి మీ ఆఫీసు దాటి ఎక్కడికి వెళ్లింది?" అని మాత్రం అడిగారు. ముసాయిదా ఇంకా చూడని శాఖలోని ఒకాయన ఉదయమే ఫోన్ చేసి, "మాకు పద్దెనిమిది ఎకరాల ఇరవై ఒక్క గుంటలే రాస్తారా?" అని నిలదీశారట.

ఆ అంకె వినగానే నాకు కాళ్లలో వణుకు వచ్చింది. ఇంగ్లిష్ ముసాయిదాలో ఉన్నది పద్దెనిమిది ఎకరాల పన్నెండు గుంటలు. 12ను 21గా కొట్టింది మేము. బుధవారం దిద్దిన తప్పుల్లో అది ఒకటి. అంటే బయటికి వెళ్లింది న్యాయవాది ఇంగ్లిష్ ప్రతి కాదు, మా రెండో ప్రూఫూ కాదు. సోమవారం సాయంత్రం నుంచి బుధవారం ఉదయం దాకా మాత్రమే బతికి ఉన్న మా మొదటి ప్రూఫు. క్లయింటుకు అది ఎప్పుడూ పంపలేదు కూడా. ఒక అచ్చుతప్పు మా ఇంటి అడ్రసు చెప్పేసింది.

ఇక్కడ మొదటి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. అంతా విచారించాక చెప్పాలా, వెంటనే చెప్పాలా? "కనుక్కుని చెబుతాను మేడమ్" అని ఫోను పెట్టేయాలనే అనిపించింది. కానీ ఆ సాయంత్రం ఆమె రెండో శాఖతో మాట్లాడాల్సి ఉంది. లీకు ఎక్కడిదో తెలియకుండా మాట్లాడితే ఆమె తన సొంత జూనియర్లనో, క్లయింటు కుటుంబంలోని వాళ్లనో అనుమానిస్తారు. నిజం తేలేలోపు అక్కడ జరిగే నష్టం ఎక్కువ. అందుకని తెలిసినంత వరకు అప్పుడే చెప్పాను: ఆ అంకె మా తప్పు, కాబట్టి ప్రతి మా వైపు నుంచే వెళ్లింది, ఎలా వెళ్లిందో ఇంకా తెలియదు, రాత్రిలోగా మళ్లీ ఫోను చేస్తాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీ ఒప్పందంలో ఆరో క్లాజు ఒకసారి చూడండి" అన్నారు.

చూశాను. "మా ఉద్యోగులకు తప్ప ఎవరికీ, ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా, పత్రాలు అందజేయరాదు" అని ఉంది. మాస్టారు మా ఉద్యోగి కాదు. అనువాదకుల్లో ఒకరు కూడా మా ఉద్యోగి కాదు. లీకు జరగకపోయినా నేను అప్పటికే ఒప్పందం తప్పానన్నమాట. మాస్టారు మాకు సంతకం పెట్టి ఇచ్చిన పత్రం నన్ను ఆయన నుంచి కాపాడుతుందేమో గానీ, క్లయింటుకు నేనిచ్చిన మాటను నిలబెట్టదు. బయటివాళ్లతో పనిచేసే ఆఫీసులు ఈ క్లాజును సంతకానికి ముందే సవరింపజేసుకోవాలి: బయట పనిచేసేవాళ్ల పేర్లు ముందే ఇస్తామని, ఇవే షరతులకు వాళ్ల చేత కూడా సంతకం పెట్టిస్తామని రాయించుకుంటే సరిపోతుంది. క్లయింట్లు సాధారణంగా ఒప్పుకుంటారు. అడగాలంతే.

దారి వెతకడం

మేం మొదట అనుమానించింది గూగుల్ డ్రైవ్‌ను. ఇంగ్లిష్ ముసాయిదాను అనువాదకులకు ఇచ్చిన లింకు తెరిచి చూస్తే General access కింద Anyone with the link అని ఉంది. ఆ లింకు ఎవరి చేతికి చిక్కినా ఫైలు తెరుచుకుంటుంది. మాది మామూలు ఉచిత ఖాతా కాబట్టి ఎవరెవరు తెరిచి చూశారో వెనక్కి వెళ్లి తెలుసుకునే జాబితా కూడా లేదు. సిగ్గుపడి వెంటనే Restricted చేసి, ఇద్దరి ఈమెయిళ్లు మాత్రం చేర్చాం. అయితే ఆ ఫోల్డర్‌లో ఉన్నది ఇంగ్లిష్ ప్రతి ఒక్కటే, అందులో అంకె 12. కాబట్టి అది పెద్ద తప్పే అయినా ఈ లీకు మాత్రం అది కాదు.

తర్వాత అనువాదకులు. వాళ్ల వర్డ్ ఫైళ్లు తెప్పించి చూశాం. రెండింటిలోనూ 12 సరిగ్గానే ఉంది. మరి 21 ఎక్కడ పుట్టింది? ఆపరేటర్ తలవంచుకుని చెప్పాడు. మా పేజీల నమూనాలు అప్పటికింకా పేజ్‌మేకర్‌లో, యూనికోడ్‌కు ముందునాటి అను ఫాంట్లతో ఉండేవి. అనువాదకులు యూనికోడ్‌లో ఇస్తారు. ఆయన ఆ పాఠాన్ని ఒక ఉచిత వెబ్‌సైట్‌లో అతికించి, అను లిపిలోకి మార్చుకుని తెస్తాడు. ఆ మార్పిడిలో అంకెలు చెదిరితే చేత్తో మళ్లీ కొట్టాడు, అక్కడ 12 కాస్తా 21 అయింది. ఒక కుటుంబం మొత్తం ఆస్తి పట్టీని ఎవరిదో తెలియని సర్వర్‌లో అతికించామన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. అయినా ఆ వెబ్‌సైట్‌లోకి వెళ్లిన పాఠంలో ఉన్నది కూడా 12. తప్పు ఆ తర్వాత పుట్టింది.

ఇక మిగిలింది ముగ్గురం: ఆపరేటర్, నేను, మాస్టారు. సాయంత్రం మాస్టారికి ఫోను చేశాను. నిందించినట్టు ఉండకూడదని, "ఆ ప్రూఫు ఎలా చూశారు మాస్టారూ, ఫోన్లోనా, కాగితం మీదా?" అని అడిగాను.

"ఫోన్లో అక్షరాలు ఆనవు కదా బాబూ. ప్రింటు తీయించుకున్నాను."

"ఎక్కడ?"

"మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురు జెరాక్స్ షాపులో. వాడి వాట్సాప్‌కు పంపితే తీసి పెడతాడు." నేను మాట్లాడకపోయేసరికి ఆయనకు విషయం అర్థమైంది. "నేనెవరికీ చెప్పలేదు బాబూ. ఇంట్లో కూడా చెప్పలేదు. ప్రింటు తీయించుకున్నాను, అంతే."

ఆయన సంతకం పెట్టిన పత్రంలోని మాట "తృతీయ పక్షానికి వెల్లడించరాదు". వెల్లడించడమంటే ఆయనకు నోటితో చెప్పడం. జెరాక్స్ షాపు ఆయన దృష్టిలో తృతీయ పక్షం కాదు, ఒక యంత్రం. ఆలోచిస్తే నా దృష్టిలో కూడా అంతే. నేను ఆయనకు వాట్సాప్‌లో పంపినప్పుడు, ఆ కళ్లతో అరవై రెండు పేజీలు ఫోన్లో ఎలా చదువుతారని ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

మర్నాడు ఉదయం బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. షాపు యజమాని మంచివాడే. "రోజుకు వందల ఫైళ్లు వస్తాయండీ, ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆయన కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాం. ఆధార్ కార్డులు, పెళ్లి పత్రికలు, పదో తరగతి మెమోలు, ఎవరివో బ్యాంకు పాసుపుస్తకాలు. వాటి మధ్య మా ఫైలు. దానికి మేము పెట్టిన పేరు ఆ కుటుంబం ఇంటిపేరు, పక్కన "పంపకం". ఫైలు తెరవనక్కర్లేదు, పేరు చదివితే చాలు. ఆ కంప్యూటర్ ముందు రోజంతా దస్తావేజు లేఖరులు కూర్చుని తమ కాగితాలు వెతుక్కుంటూ ఉంటారు. ఆ భూములున్నది ఆ మండలంలోనే.

అక్కడి నుంచి ఎవరి చేతికి, ఎలా వెళ్లిందో నేను రుజువు చేయలేను. ఆ ప్రయత్నమూ చేయలేదు. మాస్టారు అప్పటికే తన ఫోనులో ఆ సందేశాన్ని తొలగించారు గానీ, అది ఆయన వాట్సాప్‌లో సందేశాన్ని తీసేస్తుందే తప్ప షాపు కంప్యూటర్‌లోకి దిగిన ఫైలును తాకదు. డౌన్‌లోడ్స్‌లో ఒకటి, అదే పేరుకు (1) చేరిన ఇంకొకటి, రీసైకిల్ బిన్, షాపు ఫోనులోని వాట్సాప్ డాక్యుమెంట్ల ఫోల్డర్, అన్నిచోట్లా యజమాని ఎదుటే తీసేశాను. అప్పటికి పాలు ఒలికిపోయాయి. అయినా ఆ పని ఎందుకంటే, న్యాయవాదికి "ఇంకా ఎక్కడెక్కడ ఉంది" అన్న ప్రశ్నకు జవాబు కావాలి.

చేసి చూసినవి, పనికిరానివి

మొదటి వారం కోపంలో చేశాను. అందరికీ కొత్త గోప్యత పత్రం, ఏడు పేజీలు, ఉల్లంఘిస్తే పది లక్షల జరిమానా. పదేళ్లుగా మాతో ఉన్న ఒక అనువాదకురాలు, "నెలకు పాతికవేలు ఇచ్చి పది లక్షలకు సంతకం అడుగుతున్నారా?" అని మర్యాదగా తప్పుకున్నారు. నాకు తెలిసిన న్యాయవాదికి చూపిస్తే ఆయన నవ్వారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది అందులో సబబైన పరిహారం. కాగితం మీద ఎంత వేసుకున్నా ఆ అంకె నా చేతికి రాదు. అంతకంటే ముఖ్యం, ఆ ఏడు పేజీల్లో ఎక్కడా "జెరాక్స్ షాపు" అన్న మాట లేదు. మాస్టారు దాని మీద కూడా సంతకం పెట్టి, మళ్లీ అదే షాపుకు వెళ్లేవారు.

రెండోది తాళాలు. ప్రతి ఫైలునూ పాస్‌వర్డ్ పెట్టి జిప్ చేయమన్నాను. మూడు రోజుల్లో ఏం జరిగిందంటే, ఫోనులో జిప్ తెరుచుకోని వాళ్లు "మామూలుగా పంపండి సార్" అన్నారు. పాస్‌వర్డ్‌ను ఫైలు పంపిన వాట్సాప్ గ్రూపులోనే, ఫైలు కిందే పంపారు. తాళం వేసి తాళంచెవిని గడప మీద పెట్టినట్టు. పైగా మామూలు జిప్‌లో పాస్‌వర్డ్ తెలియకపోయినా లోపలి ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. మా ఫైళ్ల పేర్లలోనే ఇంటిపేర్లు ఉండేవని చెప్పాను కదా.

ఆ వారంలోనే ఇంకో సంగతి బయటపడింది. ఒక అనువాదకుడి ఇంటి కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైళ్లన్నీ వన్‌డ్రైవ్‌కు వాటంతట అవే వెళ్తున్నాయి. విండోస్ మొదట అమర్చినప్పుడు అడిగిన ప్రశ్నకు ఎవరో సరే అన్నారు. ఆ ఖాతా ఆయన బావమరిదిది. ఆయన తప్పేమీ చేయలేదు, ఫైలును డెస్క్‌టాప్ మీద పెట్టారు, అంతే.

పనిచేసినది

అప్పుడు ఒప్పందాలు పక్కన పెట్టి తెల్ల కాగితం తీసుకున్నాను. ఒక ఫైలు మా దగ్గరికి వచ్చిన క్షణం నుంచి బిల్లు అందేదాకా అది వాలే ప్రతి చోటూ రాశాం: ఈమెయిలు, డ్రైవ్, అనువాదకుడి డెస్క్‌టాప్, వర్డ్ తనంతట తాను దాచుకునే ప్రతి, మార్పిడి వెబ్‌సైట్, ఆపరేటర్ కంప్యూటర్, పెన్‌డ్రైవ్, వాట్సాప్, మాస్టారి ఫోను, షాపు, ప్రింటు కాగితం, ఇంకా ఇలాంటివి. మొత్తం పదిహేడు చోట్లు తేలాయి. ప్రతి చోటు పక్కన ఒకటే ప్రశ్న: అక్కడికి ఎందుకు వెళ్తోంది? ప్రతిదానికీ న్యాయమైన కారణమే ఉంది. మాస్టారికి చూపు ఆనదు. ఆపరేటర్‌కు అను ఫాంటు కావాలి. కారణాన్ని తీర్చకుండా దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటారని జిప్‌ల వారం నేర్పింది.

అందుకని ముందు కారణాలు తీర్చాం. మాస్టారికి ప్రింట్లు ఆఫీసులోనే తీసి, కవరులో పెట్టి, సీలు వేసి మనిషితో పంపుతాం. ఖర్చు ఒక లేజర్ ప్రింటరు, బస్సు చార్జీలు. నమూనాలను నెల రోజుల్లో యూనికోడ్ ఫాంట్లకు మార్చేశాం, దానితో మార్పిడి వెబ్‌సైట్ అవసరమే పోయింది. ఆపరేటర్ మొదట గొణిగాడు, ఇప్పుడు అంకెలు చెదరడం లేదని ఆయనే అంటాడు.

తర్వాతే నియమాలు. గోప్యత పత్రం మళ్లీ రెండు పేజీలకు తగ్గింది, జరిమానా అంకె తీసేశాం. దానికి ఒక పేజీ అనుబంధం, మామూలు తెలుగులో. అందులోని కొన్ని వాక్యాలు:

"ఫైలును వాట్సాప్‌లో పంపకూడదు, తీసుకోకూడదు. బయట షాపులో ప్రింటు గానీ స్కాను గానీ తీయించకూడదు. ప్రింటు కావాలంటే అడగండి, ఇంటికి పంపిస్తాం, పని అయ్యాక లెక్కపెట్టి తీసుకుంటాం. పాఠాన్ని ఏ వెబ్‌సైట్‌లోనూ అతికించకూడదు. పొరపాటున వీటిలో ఏదైనా జరిగితే ఆ రోజే చెప్పండి, చెప్పినందుకు పని ఆపం."

చివరి వాక్యం గురించి మా వాళ్లలో వాదన జరిగింది. అది తప్పు చేయడానికి అనుమతిలా ఉందన్నారు. నేను ఒప్పుకోలేదు. మాస్టారు సోమవారం రాత్రే "షాపులో ప్రింటు తీయించాను బాబూ" అని ఒక మాట అనగలిగి ఉంటే, మంగళవారం పొద్దున్నే ఆ ఫైలు తీసేసేవాళ్లం.

డ్రైవ్‌లో ప్రతి పనికీ వేరే ఫోల్డర్, పేరు P114 లాంటి అంకె మాత్రమే. ఏ అంకె ఏ క్లయింటుదో నా దగ్గరున్న కాగితపు పుస్తకంలో ఉంటుంది. ఫోల్డర్ ఎప్పుడూ Restricted, మనుషుల ఈమెయిళ్లు ఒక్కొక్కటే చేరుస్తాం. చూడడానికి మాత్రమే కావాల్సిన వాళ్లకు డౌన్‌లోడ్, ప్రింటు, కాపీ అవకాశాలు ఆపేస్తాం. ఇది నిజాయతీగల మనిషి పొరపాటు చేయకుండా ఆపుతుంది. తెర ముందు ఫోను పెట్టి ఫొటో తీసేవాణ్ని ఆపదు. ఆ తేడా క్లయింటుకు కూడా చెబుతాను. పని ముగిసిన రోజు పేర్లు తీసేయడం ఎవరో ఒకరికి గుర్తుండాలి కాబట్టి, బిల్లు పంపే ముందు ఆ గడి టిక్ చేయాలని బిల్లు ఫారం మీదే అచ్చు వేయించాం.

క్లయింటు డ్రైవ్ వద్దంటే సెవెన్‌జిప్ వాడతాం, అదీ జిప్ రూపంలో కాదు. కింది ఆజ్ఞలో చివరి ఎంపిక లోపలి ఫైళ్ల పేర్లను కూడా దాస్తుంది. పాస్‌వర్డ్ ఆజ్ఞలో రాయం, అది విడిగా అడుగుతుంది.

```
7z a -t7z -p -mhe=on P114.7z P114
```

పాస్‌వర్డ్ ఫోనులో చదివి చెబుతాం. ఎక్కడా రాసి పంపం.

ఇళ్లలోని కంప్యూటర్ల విషయంలో మేం అడిగింది మూడే. మొదటిది, మా పనికి విండోస్‌లో విడిగా ఒక యూజర్ ఖాతా, దానికి పాస్‌వర్డ్, ఆ ఖాతాలో వన్‌డ్రైవ్ ఆపేయడం. రెండోది, డిస్కుకు ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూడడం: అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `manage-bde -status` అని కొడితే తెలుస్తుంది. లాప్‌టాప్ బస్సులో పోయినా లోపలి ఫైళ్లు భద్రంగా ఉండాలంటే ఇది ఉండాలి, ఖాతా పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, ఎందుకంటే డిస్కు విప్పి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ పాస్‌వర్డ్ అడిగేవాడు ఉండడు. రికవరీ కీ మాత్రం కాగితం మీద రాసి లాప్‌టాప్ సంచిలో కాకుండా వేరే చోట పెట్టాలి. మూడోది, కుర్చీలోంచి లేచేటప్పుడు విండోస్ కీ, L కలిపి నొక్కడం. ఈ మూడోది అలవాటు కావడానికే ఎక్కువ రోజులు పట్టింది.

క్లయింటు ఒప్పందంలో ఇంకో వాక్యం కూడా ఇప్పుడు నేను ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోను: "పని ముగిసిన వెంటనే అన్ని ప్రతులనూ నాశనం చేస్తాము." మా ఆఫీసు బ్యాకప్ డిస్కులో పాత ప్రతి ముప్పై రోజులు ఉంటుంది, తర్వాతే దాని మీద కొత్తది పడుతుంది. వెంటనే నాశనం చేశామని రాసిస్తే అది అబద్ధం. బ్యాకప్‌లోని ప్రతి ముప్పై రోజుల్లో చెరిగిపోతుందని, అప్పటిదాకా గోప్యత షరతులు దానికీ వర్తిస్తాయని రాయించుకుంటాను. ఇప్పటిదాకా ఏ న్యాయవాదీ కాదనలేదు. ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా.

తర్వాత

ఆ పంపకం ఆగలేదు గానీ నాలుగు నెలలు ఆలస్యమైంది. అందులో మా వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు. ఆ పనికి మేము బిల్లు వేయలేదు. న్యాయవాది ఎనిమిది నెలల తర్వాత మళ్లీ ఒక చిన్న పని పంపారు, బయటివాళ్ల పేర్లు ముందే రాసివ్వాలన్న షరతుతో. మాస్టారి పేరు రాసి, ఆయన దగ్గరికి ప్రింటు ఎలా వెళ్తుందో కూడా రాశాను. ఒప్పుకున్నారు.

మాస్టారి ప్రతి మీద ఇప్పుడు ప్రతి పేజీ పైన "మ-1" అని చిన్న గుర్తు, పేజీ సంఖ్య ఉంటాయి. ఆ పనికి పంపినవి నలభై ఒక్క కాగితాలు. ఆయన తిరిగి ఇచ్చిన కవరును మా కుర్రాడు ఆయన వరండాలోనే కూర్చుని లెక్కపెడితే నలభై వచ్చాయి. రెండోసారి లెక్కపెట్టినా నలభై. ఇరవై మూడో పేజీ లేదు. మాస్టారు ముఖం పాలిపోయిందట. ఇల్లంతా వెతికితే అది దేవుడి గూటిలో పంచాంగం మధ్య దొరికింది. ఒక గ్రామం పేరు సరిచూడడానికి అక్కడ పెట్టుకుని మరిచిపోయారు. ఆయనే దాన్ని కవరులో పెట్టి, అంచు అంటించి, పైన తన చేత్తో "41" అని రాసి సంతకం చేశారు. ఆ కవరులోని కాగితాలను మరునాడు ఆఫీసులో నేనే ముక్కలు చేశాను. ఖాళీ కవరు మాత్రం P131 ఫైలులో ఉంది.